అందరి ఇష్టమే నా ఇష్టం

మా నడిమి మావయ్య రిటైరయ్యేదాకా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేశాడు. పిలవకుండా ఎవరింట్లోకైనా వెళ్ళే హక్కూ, వెళ్ళాక ఎవరూ కూర్చోమనని మర్యాదా, రెండూ ఆ ఉద్యోగంతోనే వచ్చాయి. గేటు తీసి "అమ్మా, మీటరు!" అని ఒక్క కేక వేసి, పూలతొట్ల వెనక వంగి, అంకె రాసుకుని, వచ్చినంత మెత్తగా వెళ్ళిపోయేవాడు. ఎవరింట్లోనైనా మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటుంటే, వాళ్ళు గొంతు తగ్గించుకునేదాకా మీటరు మీద వంగే ఉండేవాడట. అంత మొహమాటం. మా పిల్లలందరికీ ఆయన మీటరు మావయ్య. మా అమ్మకి మాత్రం "ఒరేయ్". తోడబుట్టింది, పైగా పెద్దది.

అలాంటి మనిషి మెడకి తాతగారి ఇల్లు చుట్టుకుంది. ఆయన పేర రాసిచ్చారని కాదు. తాతయ్యా అమ్మమ్మా పోయాక ఆ ఇల్లు నలుగురిదీ అయింది: మా అమ్మది, పెద్దమావయ్యది, మీటరు మావయ్యది, చిన్నమావయ్యది. తర్వాత పెద్దమావయ్య పోతే ఆయన వాటా పెద్దత్తయ్యకీ, వాళ్ళమ్మాయికీ వచ్చింది. హక్కు అందరిదీ. ఆ ఇంటికి దగ్గర్లో ఉన్నది మాత్రం మీటరు మావయ్య ఒక్కడే. అంచేత పెంకు జారినా, కాలవ పొంగినా, పన్ను కట్టమని కాగితం వచ్చినా ఆయనే పరిగెత్తాలి. అద్దెకున్న టైలరు చినుకు పడితే చాలు ఫోను చేసేవాడు: "సార్, మీ ఇంట్లో వాన పడుతోందండి." చివరికి కుట్టుమిషను తడిసి అతనూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ అద్దెకి దిగలేదు.

అప్పుడు పెరటిగోడ ఒరగడం మొదలెట్టింది. అది ఒరుగుతున్నది ఫర్నిచరు కొట్టాయన ఇంటివైపు. ఆయన మాటలో చమత్కారం ఉండేది గానీ మొహంలో ఉండేది కాదు. "మీటరుగారూ, మీ గోడ మా ఇంటికి చుట్టపుచూపుగా వస్తోందండీ," అనేవాడు. గోడ బాగుచేయించండి, లేదా పడగొట్టండి అని మునిసిపాలిటీ నోటీసు కూడా అంటించింది. నోటీసు మీద పేర్లన్నీ ఉన్నాయి. అంటించేవాడు వెతుక్కుంటూ వచ్చింది మావయ్య ఇంటికే.

ఒకరోజు ఆ కొట్టాయనే అన్నాడు. "గోడతో పాటు ఇల్లూ నాకే ఇచ్చేయండి. గోడౌను వేసుకుంటాను. కానీ హక్కున్న ప్రతివాళ్ళూ సంతకం పెట్టాలి. ఒక్కరు తగ్గినా నాకొద్దు. నెలాఖరుదాకా చూస్తాను. లేకపోతే బస్టాండు వెనక ఇంకో స్థలం ఉంది."

మావయ్య ఇంటికెళ్ళి ఉత్తరం రాశాడు. తిన్నగా రాశాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఇంటి పరిస్థితి ఇదీ. ఇద్దరు తెలిసినవాళ్ళ చేత వేరువేరుగా ధర కట్టించాను, వాళ్ళు చెప్పింది ఇదీ, కొట్టాయన ఇస్తానన్నది ఇదీ. మనలో ఎవరైనా అదే ధరకి ఉంచుకుంటానంటే మొదటి హక్కు వాళ్ళది. బాకీ ఉన్న పన్నూ, అమ్మకం ఖర్చులూ ముందు తీసేసి మిగిలింది నాలుగు సమాన భాగాలు. అన్నయ్య భాగం వదినా, అమ్మాయీ చెరిసగం. డబ్బు ఒకరి చేతిమీదుగా వద్దు, రిజిస్ట్రేషన్ రోజునే ఎవరి ఖాతాలో వాళ్ళకి. ఆఖర్న మాత్రం ఇలా ముగించాడు: "మీ అందరికీ సమ్మతమైతేనే సుమా. నాకు వేరే అభిప్రాయం లేదు. ఇట్లు, మీవాడు."

నాలుగు నకళ్ళు తీసి రిజిస్టరు పోస్టులో పంపాడు. మా అమ్మకి కూడా. మా ఇంటికి ఆయన వారానికోసారి వస్తాడు. అలవాటు ప్రకారం వచ్చి టీ తాగుతుండగానే పోస్టుమాన్ ఆ కవరు పట్టుకొచ్చాడు. అమ్మ సంతకం చేసి, తమ్ముడి చేతిరాత చూసి, ఎదురుగా ఉన్న తమ్ముణ్ణి చూసింది. మావయ్య టీలోకి చూస్తున్నాడు.

"ఏంట్రా ఇది?"

"ఉత్తరం అక్కా."

"అది కనిపిస్తోంది. ఏం రాశావ్?"

"చదువు నిదానంగా. తొందరేం లేదు." టీ సగంలో వదిలేసి చెప్పులేసుకున్నాడు. అమ్మ ఆ కవరుని అద్దం వెనక దోపింది. దువ్వుకునేటప్పుడల్లా అది కనిపించేది. దువ్వుకోవడం తొందరగా ముగించేది.

జవాబులు మాత్రం అందరూ రాశారు. మర్యాదస్తుల వంశం. అమ్మ రాసింది: "అందరూ ఎలా అంటే అలాగే, నాదేముంది." చిన్నమావయ్య: "పెద్దవాళ్ళు నిర్ణయిస్తే నేను కాదంటానా?" పెద్దత్తయ్య: "మిగతావాళ్ళ మాటే నా మాట." వాళ్ళమ్మాయి ఆసుపత్రిలో నర్సు, తీరిక లేక ఫోనులో మెసేజి పెట్టింది: "అమ్మ ఇష్టం బాబాయ్. అమ్మేమో మీ అందరి ఇష్టమంటోంది."

మావయ్య పొంగిపోయాడు. ఒక్కరూ కాదనలేదు! ఆ కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని ప్లీడరమ్మ దగ్గరికి బయల్దేరాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని అన్నీ చదివింది, మళ్ళీ చదివింది.

"ఇందులో అమ్ముదామన్నవాళ్ళెవరండీ?"

"అందరూనండి."

"ఎక్కడ? ఈవిడ ఆయన్ని చూపిస్తోంది, ఆయన ఈవిడని చూపిస్తున్నాడు. నలుగురూ నాలుగు దిక్కులకి వేలు చూపించారు. వీటిని పట్టుకుని రేపు ఎవరైనా 'నేను ఒప్పుకోలేదు' అంటే నేనేం చేయను?"

"పోనీ నా ఉత్తరం ఉందిగా?"

ఆవిడ ఆఖరి పంక్తి మీద గోరు పెట్టింది. "'నాకు వేరే అభిప్రాయం లేదు.' మీరూ ఆ తానులో ముక్కేగా! అసలు మీకేం కావాలి?"

మావయ్య చాలాసేపు ఆలోచించి, "గొడవ లేకుండా ఉంటే చాలండి," అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది. ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చానా అనుకునే మొహం.

"ఆ పెంకులకీ, కాలవకీ మీరు పెట్టిన ఖర్చు ఉత్తరంలో లేదేం?" అని కూడా అడిగింది.

"అడిగితే ఏమనుకుంటారో."

చివరికి ఆవిడే అమ్మకం ఒప్పందం తయారుచేసి, అందర్నీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టండి, నేనూ వస్తాను అంది. నెలాఖరు ఇంకెంతో దూరం లేదు.

అందరం కలిశాం. హాల్లో టైలరు వదిలేసిన బల్ల ఒకటే ఉంది, దాని మీద పెద్దవాళ్ళు. చిన్నమావయ్య బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. తడి గోడల వాసన. కాసేపు స్తంభాలు ఎంత బలమైనవో చెప్పుకున్నారు. ఆ స్తంభాలకి చెదలు పట్టిందని అందరికీ తెలుసు. ప్లీడరమ్మ కాగితం తీసి బల్ల చివర పరిచి పెన్ను మూత విప్పింది.

"నువ్వు పెట్టక్కా, పెద్దదానివి," అన్నాడు చిన్నమావయ్య.

"బాగుందిరా! ఆడపిల్లని, పుట్టింటికి నా చేత్తోనే నీళ్ళొదలమంటావా? వదిన పెడుతుంది."

"ఆయన పోయారో లేదో ఈవిడే ముందుపడిందంటారు," అంది పెద్దత్తయ్య. "చిన్నవాడు ఉన్నాడుగా."

"పెద్దలుండగా నేనా? తప్పు కదూ."

"నన్ను చూడకండి," అంది నర్సమ్మాయి. "నాకు రెండింటికి డ్యూటీ."

పెన్ను ఒకసారి చుట్టూ తిరిగి మళ్ళీ ప్లీడరమ్మ దగ్గరికే వచ్చింది. ఎవరు చెప్పిన కారణమూ అబద్ధం కాదు, ఎవరూ చెడ్డవాళ్ళూ కారు. మా వాళ్ళలో ఇల్లు అమ్మడం తప్పు కాదు, ముందు ఆ మాట అన్నవాడిది తప్పు.

అప్పుడు పెరటివైపు నుంచి కేక. "మీటరుగారూ! ఇంకో రెండిటుకలు వచ్చాయండీ మా వైపు!"

అందరం ఒక్కసారిగా మావయ్య వైపు తిరిగాం. అనుకుని తిరిగింది కాదు, అలవాటు. ఇల్లు పిలిస్తే వెళ్ళేవాడు ఆయన కదా. నర్సమ్మాయి కూడా తిరిగింది. నేనూ తిరిగాను.

మావయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు. సగం లేచి ఆగిపోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నేను వెళ్ళనక్కా," అన్నాడు.

"ఏంట్రా?"

"అలిసిపోయాను. మబ్బు పడితే నాకు నిద్ర పట్టదు. ఫోను మోగితే గుండె జారిపోతుంది. నాన్న కట్టిన ఇల్లే, కాదనను. కానీ నాకు వద్దు. మీ అందరి ఇష్టం ఏమిటో నాకు తెలీదు. నా ఇష్టం చెబుతున్నాను. అమ్మేద్దాం." పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాడు. ఆఖరి అక్షరం కాగితం దాటి బల్ల మీదికి పోయింది.

ముందు మా అమ్మే తేరుకుంది.

"ఈ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చు కదరా! రిజిస్టరు పోస్టు పంపించాడట, పోస్టు!" కళ్ళు తుడుచుకుంటూనే పెన్ను లాక్కుంది. "సరే, వీడు ఇంతగా పట్టుబడుతుంటే..."

"అన్నయ్య మాట ఎప్పుడు కాదన్నాను?" అన్నాడు చిన్నమావయ్య.

"మరిదిగారు అంత గట్టిగా అంటే ఇంకేం చేస్తాం," అంది పెద్దత్తయ్య. వాళ్ళమ్మాయి గడియారం చూసుకుంటూ గబగబా సంతకం గిలికింది. అందరి మొహాల్లోనూ, దించుకోవడానికి ఎవరూ సాయం పట్టని మూట దించేసినట్టు ఒక తేలిక. ఆ మూట ఎక్కడ దించారంటే మావయ్య నెత్తి మీద. ప్లీడరమ్మ మూత పెడుతూ పెంకుల ఖర్చు మాట ఎత్తింది. "అది ముందు తీసి వాడికివ్వండి, అడగడానికి వాడికి నోరుందా?" అని అమ్మ అక్కడికక్కడే కాగితంలో రాయించింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో మరో చిక్కు. అక్కడి అధికారి వేలిముద్ర వేయించే ముందు ఒక్కొక్కరినీ అడుగుతాడు.

"ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా అమ్మా?"

"మా తమ్ముడు అమ్ముదామన్నాడండి," అంది అమ్మ.

"తమ్ముణ్ణి కాదమ్మా, మిమ్మల్ని."

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక మా వాళ్ళంతా వరసలో నిలబడి ఉన్నారు, అందరూ నేల చూపులే. మావయ్య ఒక్కడే తలెత్తి ఉన్నాడు. అమ్మ ఏదో గొణిగింది.

"గట్టిగా."

"ఇష్టమే!" గుమాస్తాలందరూ తలెత్తి చూశారు. మిగతావాళ్ళకి ఆ తర్వాత అంత కష్టం కాలేదు.

సాయంత్రానికి ఎవరి భాగం వాళ్ళ ఖాతాలో పడింది. ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పటికీ చుట్టాలెవరైనా ఆ ఇంటి మాటెత్తితే మా అమ్మ, "మావాడు పట్టుబట్టి అమ్మించాడండీ," అంటుంది. మావయ్య పక్కనే ఉన్నా అంటుంది. ఆయన తల ఊపుతాడు. ఒక్కసారి కూడా దిద్దలేదు.

ఇల్లు అమ్మేశాక మొదటి వాన పడిన రాత్రి నేను మా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ ఫోను మోగింది.

"అక్కా, వాన పడుతోంది."

"ఇక్కడా పడుతోందిరా."

"ఎవరూ ఫోను చేయలేదు నాకు."

అమ్మ కిటికీలోంచి కాసేపు బయటికి చూసింది. "చేయర్రా ఇంక," అంది. "పడుకో."