సూరిగాడి తెలుగు కామెంటరీ

మా పాలెంలో ఏ ఇంట్లో రిమోటు చూసినా ఒక బొత్తం మీద తెల్ల ప్లాస్టరు ముక్క ఉంటుంది. వేలు తెగితే అంటించుకునే ప్లాస్టరే. అది కేబుల్ అప్పలసూరి నిర్వాకం.

ఆటల చానెళ్ళలో బొమ్మ ఒకటే అయినా గొంతులు నాలుగుంటాయి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, తమిళం. ఆడియో అని రాసున్న బొత్తం నొక్కితే ఒకదాన్నుంచి ఒకదానికి మారుతుంది. మా ముసలాళ్ళు సౌండు పెంచుదామని అది నొక్కేవాళ్ళు, టీవీ అరవం మాట్లాడేది, వెంటనే సూరికి ఫోను. వాడు ఎండలో మోపెడ్డేసుకుని వచ్చి, ఆ బొత్తం మరోసారి నొక్కి, ఒక టీ తాగి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి వాడికి విసుగొచ్చింది. ప్రతి పెట్టెలోనూ సెట్టింగుల్లోకి వెళ్ళి మొదటి భాషగా తెలుగు పెట్టేసి, ఆడియో బొత్తాల మీద ప్లాస్టర్లు వేసేశాడు. ఇంక ఆపి తీసినా, చానెల్ మార్చినా తెలుగే వస్తుంది, ఆ ప్లాస్టరు జోలికి పోవద్దని ఇంటింటా చెప్పాడు.

నాలుగు తలుపులున్న ఇంట్లో మూడింటికి మేకులు కొట్టేసి సుఖంగా ఉండమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటే వాడితో అన్నాను. కానీ నాలాంటి బ్రాంచి పోస్టుమాస్టరు మాట ఎవడు వింటాడు?

సూరి జాలరి ఇంట పుట్టి పడవెక్కితే వాంతి చేసుకునే రకం. అందుకని కుర్రతనంలో గుజరాత్ వెళ్ళి వీరావల్లో ఐసు ఫ్యాక్టరీలో నాలుగు సీజన్లు పని చేశాడు. నడుం నొప్పీ, కాస్త హిందీ వెంట తెచ్చుకున్నాడు. ఆ హిందీలో ఐసు, డీజిలు, బూతులు తప్ప పెద్దగా ఏమీ లేవు. అయినా మా ఊరికి వాడే పండితుడు.

వాడి మేనత్త గున్నమ్మ. తట్టలో చేపలు పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో అమ్ముతుంది. ఆవిడ మనవరాలు శ్రావణి కబడ్డీ ఆడుతుంది. ఆ పిల్ల హాస్టల్లో ఉండి ఆడడానికి వెళ్తానన్నప్పుడు, ఊరి పెద్ద సోములు ఆడపిల్ల నిక్కరేసుకుని దొర్లడమేమిటని పంచాయతీ పెట్టాడు. గున్నమ్మ నడివీధిలో నిలబడి, నా మనవరాలి పేరు టీవీలో తెలుగులో చెప్తారు, ఆ రోజు చెవులు పెట్టుకుని వినమని సవాలు చేసింది. మూడేళ్ళకి ఆ రోజు వచ్చింది. జాతీయ జూనియర్ పోటీల సెమీఫైనల్ సాయంత్రం ఆరింటికి లైవులో వస్తుంది. కమ్యూనిటీ హాల్లో టీవీ పెట్టించే పని సూరి నెత్తినేసుకున్నాడు. తెలుగు నా పూచీ అత్తా అన్నాడు.

ఆరింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో సోములు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గున్నమ్మ కొత్త చీర కట్టుకుని నేల మీద చతికిలబడింది. సూరి టీవీ పెట్టాడు. హిందీ గడగడా మొదలైంది.

సూరి సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాడు. తెలుగు అనే ఉంది. ఆపి మళ్ళీ తీశాడు. తెర మీద తెలుగు అని చూపిస్తూ హిందీయే మాట్లాడింది. ఇవాళ తెలుగు రావట్లేదన్నమాట అని నా చెవిలో గొణిగాడు. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. గున్నమ్మ వాడి వంక చూసింది. వాడు లేచి టీవీ పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నాను సెప్తాను. వినుకోండి."

అక్కణ్ణించి సూరిగాడి తెలుగు కామెంటరీ. శ్రావణి కూతకెళ్ళింది. వాళ్ళు నలుగురూ మీద పడి పట్టేశారు. పిల్ల వెళ్ళి పక్కన బల్ల మీద కూర్చుంది. ఇంత తెలివైన పిల్లని దేశంలో ఎక్కడా చూడలేదంటున్నారని సూరి చెప్పాడు. తర్వాత మనవాళ్ళకి పాయింటొచ్చి పిల్ల మళ్ళీ లోపలికొచ్చింది, మళ్ళీ కూతకెళ్ళింది, మళ్ళీ దొరికింది. పులి కావాలనే దొరికి అవతలి వాళ్ళ బలం చూస్తోందంటున్నారని చెప్పాడు. సముద్రగాలి పీల్చిన ఒళ్ళని, శ్రీకాకుళం గడ్డ పౌరుషమని, ఈ పిల్లని కన్నవాళ్ళకన్నా పెంచిన మామ్మకి దండం పెట్టాలని కూడా హిందీవాడు అన్నాట్ట. నాకొచ్చిన హిందీలో అవేవీ వినపడలేదు. గున్నమ్మ మాత్రం తల ఊపుతూ వింటోంది. సోములు కాలు దించి కూర్చున్నాడు.

అంగన్వాడీ ఆయా కుసుమకుమారికి మొదట్నుంచీ ప్లాస్టర్లంటే కిట్టదు. బల్ల మీదున్న రిమోటు తీసుకుని, గోరుతో ప్లాస్టరు పీకి, బొత్తం నొక్కింది. ఇంగ్లీషు వచ్చింది. మళ్ళీ నొక్కితే తెర మీద హిందీ అని పడి అరవం వచ్చింది. సూరి వద్దంటూ పరుగెత్తుకొచ్చేలోగా మూడోసారి నొక్కింది. తమిళం అని చూపిస్తూ టీవీ చక్కటి తెలుగు మాట్లాడింది.

పైనుంచి పంపేవాళ్ళెవరో పేర్లు తారుమారు చేశారు. పెట్టెకి చెవులుండవు, పేరు చూసుకుని గొంతు తెస్తుంది. నేనైనా కవరు మీది చిరునామా చూసే ఉత్తరం ఇస్తాను, లోపల ఎవరికి రాశారో నాకేం తెలుసు? చెవులున్న సూరి కూడా పేరునే నమ్మడం నాకు విచిత్రంగా తోచింది. అసలైన తెలుగు ఇంతసేపూ వాడు ప్లాస్టరేసిన బొత్తం కిందే ఉంది.

ఈలోగా పిల్ల మళ్ళీ లోపలికొచ్చి, మళ్ళీ కూతకెళ్ళి దొరికింది. ఆ తెలుగాయన అన్న మొదటి మాట ఇది. "శ్రావణి మూడోసారి దొరికిపోయింది. ఈ అమ్మాయినే మళ్ళీ మళ్ళీ కూతకు ఎందుకు పంపుతున్నారో అర్థం కావడం లేదు."

సోములు చిన్నగా దగ్గాడు. సూరి తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డాడు. వాణ్ణి చూడలేక నేనూ తల తిప్పుకున్నాను.

"ఏటలా నిలబడిపోనావు?" అంది గున్నమ్మ. "నాకు బాస రాదు గాని కళ్ళు కనపడతన్నాయి కదరా. పిల్ల బల్ల మీద కూకుంటే తెల్దేటి?"

"తప్పయిపోనాదత్తా."

"ఆ మడిసికి మా పిల్ల ఎవులో తెల్దు. నీకు తెలుసు. ఆ హిందీయే ఎట్టీసి నువ్వే సెప్పు."

సూరి హిందీ కోసం తెలుగు అని రాసున్న చోటికి మార్చాడు. కానీ వాడి గొంతు ఇదివరకటిలా లేవలేదు, మాటకి మాటకి మధ్య తడుముకున్నాడు. ఆట ఆఖరి నిమిషానికొచ్చింది. మనవాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడ్డారు, గెలిచే ఆశ ఎవరికీ లేదు. శ్రావణి మళ్ళీ లోపలికొచ్చి మూలలో నిలబడింది. అవతలి పిల్ల కూత పెడుతూ వచ్చి వెనక్కి తిరిగింది. శ్రావణి నేల మీదకి పడి ఆ పిల్ల చీలమండ పట్టుకుంది. అవతలి పిల్ల ఈడ్చుకుపోతోంది, మనది వదల్లేదు. గీత జానెడు దూరంలో ఉండగా ఇద్దరూ ఆగిపోయారు. ఈల ఊదారు. సోములు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో వాడికే తెలియదు.

హిందీవాడు గొంతు చించుకుని శ్రావణి శ్రావణి అంటున్నాడు. సూరి నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, కళ్ళు తుడుచుకున్నాడు.

"సెప్పరా" అంది గున్నమ్మ.

"పట్టీసిందత్తా."

"అంతేనేటి? ఏటీ సెయ్యనప్పుడు అంతసేపు సెప్పినావు. ఇప్పుడు సేసింది గదరా, సెప్పు."