మూల నల్లబడిన కార్డు

వాన కురిపించేవాడూ, వానలో తలదాచుకోను చోటిచ్చేవాడూ అయిన దేవునికి ముందుగా స్తోత్రం. కారే ఇంట్లో ఉండి కూడా ఈ మాట అనగలిగే విశ్వాసం మా అమ్మది. నాకు అది అంత తేలిగ్గా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో ఆడపిల్లల బడిలో టీచరుగా ఉండేదాన్ని. అమ్మా నేనూ అరసవల్లిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మేం ఏ దేవుణ్ణి కొలుస్తామో తెలియగానే చాలామంది ఇల్లు ఖాళీ లేదనేవారు. ఈ ఇంటాయన మాత్రం అలా అనలేదు. కోటబొమ్మాళిలో వరి పండించే పెద్ద రైతు. "మీ దేవుడికి మీరు మొక్కుకోండి టీచరమ్మా. నా పెంకుల మీదికి మాత్రం ఎవుల్నీ ఎక్కించకండి" అన్నాడు. అంతకుముందు అద్దెకున్నవాళ్లు ఎవడో కూలివాణ్ణి ఎక్కిస్తే వాడు పెంకులన్నీ తొక్కి పగలగొట్టాడట. అదనపు పెంకులు పెరట్లో కొట్టులో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆయన ఊరి నుంచి ఆయన మనిషే వచ్చి ఏటేటా వానలకు ముందు పెంకులు సర్దాలి. ఆ ఏడు ఆ మనిషి రాలేదు.

ఇంట్లో రెండే గదులు. ఒకదాంట్లో వంట. అమ్మకు ఉబ్బసం, కట్టెల పొగ సోకితే ఊపిరి అందదు. కాబట్టి అమ్మ మంచం రెండో గదిలోనే ఉండాలి. సరిగ్గా ఆ మంచం మీదే కారడం మొదలైంది. మంచం జరిపితే అక్కడ కూడా కారేది. గోడ నాని చెమ్మ వాసన వేసేది. చెమ్మ గదిలో పడుకోబెట్టవద్దని డాక్టరు, పొగ గదిలోకి పోనంటూ అమ్మ. ఆ రెండింటి మధ్య ఆమె ఊపిరి రోజురోజుకీ కుంచించుకుపోసాగింది.

ఇంటాయన ఆదివారాల్లో సూర్యదేవుడి దర్శనానికి వచ్చి, పోతూ మా వాకిట్లో నిలబడి పలకరించేవాడు. ఆ వేళకు నేను ఆరాధనలో ఉండేదాన్ని. ఒకసారి అమ్మ ఇల్లు కారుతోందని ఆయనతో చెప్పింది. "అలగే, మనిషిని పంపుతాను" అని వెళ్లాడు. మనిషి రాలేదు. శ్రావణం రాగానే ఆయన రావడం కూడా మానేశాడు. ఇక ఉత్తరమే గతి అనుకున్నాను.

కోపం మీద ఒక కాగితం నిండా రాసి, మా సంఘ పెద్దగారికి చూపించాను. ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. సంఘంలో ఎవరు అర్జీ రాసినా ఆయన దిద్దాల్సిందే. కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు.

"'చెప్పినా మీరు పట్టించుకోలేదు. మా అమ్మకేమైనా అయితే తమరిదే బాధ్యత.' ఇది ఉత్తరమా అమ్మాయీ, కోర్టు సమనా?"

"ఉన్న మాటే కదండీ."

"ఇల్లు ఆయనది. తప్పు కూడా ఆయనదే అని రాస్తే, ఇల్లు ఖాళీ చెయ్యమనడం ఆయనకు తేలిక. తప్పు వాన మీద వెయ్యి. పెంకులు కదిపే పిల్లుల మీద వెయ్యి. ఇంకోటి, ఒక వాక్యంలో 'మీరు', ఇంకో వాక్యంలో 'తమరు'. ఏదో ఒకటి పట్టుకో. 'పెంకులు జారింది' ఏమిటి? బడిలో పిల్లలకు చెప్పేది ఇదేనా?"

నా మొహం మాడిపోయింది. మెత్తని మాట కోపాన్ని చల్లారుస్తుందని గ్రంథం చెబుతోంది కదా అన్నారాయన. అది నాకూ కంఠతా వచ్చు. అయితే ఇక్కడ కోపంతో ఉన్నది నేను, మెత్తని మాటలు పోతున్నది ఇంటాయనకు.

మర్నాడు దిద్ది తీసుకెళ్లాను. 'వెంటనే' అన్న మాట కొట్టేశారు. 'పనుల ఒత్తిడిలో తమరికి తీరిక దొరికి ఉండదు' అని చేర్చారు. చివర 'బాగు చేయించ ప్రార్థన' అని రాశారు.

"ప్రార్థన మనుషులకు చెయ్యనండీ" అన్నాను.

ఆయన "అదీ నిజమే" అని 'మనవి' అని మార్చారు. ఆ ఉత్తరంలో నా మాట నెగ్గింది అక్కడొక్కచోటే. పైన 'దేవునికి స్తోత్రం' అని రాస్తానంటే వద్దన్నారు. ఆయన నమ్మకం వేరు, గుచ్చినట్టుంటుందట. 'శ్రీ' రాయడానికి నాకు మనసొప్పలేదు. చివరికి పైభాగం ఖాళీగానే వదిలేశాం.

ఇంటికొస్తే అమ్మ తడి దుప్పటి కాళ్ల దగ్గరికి తోసుకుని కూర్చునుంది.

"ఏటే, ఇంకా దిద్దుతన్నారా? నీ అచ్చరాలు ఆరతన్నాయి గానీ నా మంచం ఆరతన్నాదేటే?"

మూడోసారి దిద్దాక పెద్దగారికి తృప్తి కలిగింది. నిజం చెప్పాలంటే అది మంచి ఉత్తరమే. ఏ గది, ఏ వైపు, ఎవరికి ఇబ్బంది, ఏం కావాలి, అన్నీ ఉన్నాయి. కొట్టు తాళంచెవి ఇచ్చి ఆయన మనిషిని పంపితే చాలునని కూడా ఉంది. ఇంట్లో కూర్చుని కార్డు మీద శుభ్రంగా ఎత్తి రాశాను. సంతకం పెడుతుండగా పైనుంచి ఒక చుక్క పడింది. ఏళ్ల తరబడి పొగ పట్టిన వాసాల మీదుగా కారిన నీళ్లు, సిరాకంటే నల్లగా ఉంటాయి. కార్డు మూల మీద పడి పాకింది. పైట చెంగుతో అద్దేసరికి ఇంకా పాకింది. చేతిలో ఇంకో కార్డు లేదు, తపాలా కట్టే వేళైంది. అక్షరాలు చెడలేదు కదా అని అలాగే డబ్బాలో వేశాను.

జవాబు రాలేదు. వాన ఆగలేదు. బడి నుంచి వస్తూ ప్రతిరోజూ పోస్టుమాన్‌ని అడిగేదాన్ని. నన్ను చూస్తే అతను దూరం నుంచే చెయ్యి ఊపడం నేర్చుకున్నాడు. నేను మోకాళ్ల మీద పడి ప్రార్థిస్తుంటే తల మీద చుక్కలు పడేవి. ఇంత వినయంగా రాయించి ఏం లాభమని దేవుణ్ణీ అడిగాను, పెద్దగారినీ అడిగాను. "ఓపిక పట్టాలి" అన్నారు పెద్దగారు. ఆయనది డాబా.

ఒక సాయంత్రం అమ్మకు ఊపిరి పట్టేసింది. వీపు రాస్తూ ఏడ్చేశాను. కాస్త తెరిపి చిక్కాక అమ్మ అంది: "బైబిల్లో ఆ విధవరాలు న్యాయాధిపతి కాడికెల్లి గోల పెట్టింది గానీ, ఉత్తరం రాసి దిద్దించుకుందేటే? లెగు. రేపెల్లు."

మర్నాడు బడికి సెలవు పెట్టాను. పెద్దగారు కూడా వస్తానన్నారు. ఆ ఉత్తరానికి జవాబు రాకపోవడం ఆయనకు పరువు తక్కువగా అనిపించినట్టుంది. ఆమదాలవలసలో పాసింజరెక్కి కోటబొమ్మాళిలో దిగాం.

ఇంటాయన ఇంటిముందు పెళ్లిపందిరి ఇంకా విప్పలేదు. మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. ఆయన కూతురి పెళ్లట. అరుగు మీద ఆయన తల్లి కూర్చునుంది, బాగా ముసలావిడ. ఇంటాయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"టీచరమ్మా! ఇంత దూరమొచ్చినారేటి?"

"ఉత్తరం రాశాం బాబూ. మీ దగ్గర్నుంచి కబురు లేదు" అన్నాను.

"ఉత్తరమా? నాకే ఉత్తరమూ రానేదే."

పెద్దగారు కంగారుగా, "కార్డు. స్వయంగా నేనే దిద్దాను" అన్నారు.

ముసలావిడ అరుగు మీద ఒక్కసారి నిటారుగా అయింది. "ఆ కారటా?" అంది. "అది నానే దాసీసినాను."

అందరం ఆమెవైపు తిరిగాం. కొడుకు అడగకుండానే చెప్పుకుపోయింది. "మూల నల్లగున్నాది. పైన 'శ్రీ' నేదు. సావు కబురు కారటు అలగే ఉంటాది, నాకేటి సదువొచ్చా? పర్లాకిమిడిలో నా పెద్దగుంట, ఈడి అప్ప, మంచం పట్టి ఉన్నాది, పెళ్లికి రానేనని కబురెట్టింది. ఇంకేటనుకుంటాను? పందిరేసీసినారు. సావు కబురు ఇంటే మైలొచ్చీదు, పెళ్లాగిపోదేటి? ఇనకపోతే మైల నేదు. అందుకే ఎవులికీ సెప్పకుండా పశువుల సాల సూరులో దోపీసినాను. పదారు రోజుల పండగయ్యాక సెప్దామనుకున్నాను."

ఇంటాయన పరుగున వెళ్లి చూరులోంచి కార్డు లాక్కొచ్చాడు. చదువుతూ చదువుతూ అరుగు మీద కూలబడ్డాడు.

"ఎవులూ సావనేదే అమ్మా! అప్ప బాగానే ఉన్నాది, నిన్ననే మనిషొచ్చి సెప్పినాడు గదే. ఇది అరసవల్లి ఇంటి పెంకుల గురించి!"

"ఆడు నన్ను ఊరుకోబెట్టడానికి సెప్పినాడనుకున్నాను రా" అంటూ ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలి పెళ్లిలో అక్షింతలు వేస్తూ, వడ్డన చూస్తూ, కూతురు పోయిందన్న దుఃఖాన్ని ఆమె ఒక్కతే మోసింది. నేను అక్కడ జవాబు కోసం పళ్లు నూరుతున్న రోజులన్నీ ఇక్కడ ఈమెకు అలా గడిచాయి. ఇంత దూరం మోసుకొచ్చిన నా కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "సదువు గుంటా, నానింటాను" అంది. మూడుసార్లు దిద్దించిన ఉత్తరాన్ని పైకి చదివాను. 'పనుల ఒత్తిడిలో తమరికి' దగ్గరికొచ్చేసరికి ఆపేసింది.

"ఇల్లు కారతందని ఒక్క ముక్క సెప్పడానికి ఇన్ని దండాలేటే?" అని, కొడుకుని గదిమింది. "సూస్తావేటిరా? దానమ్మ తడిసిపోతంటే! మనిషిని పంపు."

పెంకులు సర్దే మనిషీ, కొట్టు తాళంచెవీ మర్నాడే వచ్చాయి. అంతకుముందు, తిరుగు రైల్లో పెద్దగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, "ఏమైనా వ్యాకరణంలో తప్పు లేదమ్మాయీ" అన్నారు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇస్తే అది మెత్తని మాట అయ్యుండేది కాదు.

పెంకులు మార్చిన రాత్రే పెద్ద వాన కురిసింది. మంచం పక్కన నిలబడి చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. అమ్మ ఆయాసం ఒక్క రాత్రిలో పోలేదు, గోడలు ఆరడానికే చాలా రోజులు పట్టింది. అయినా ఆమె పడుకుని ఊపిరి తీసుకోగలుగుతోంది. "ఆ ముసిలమ్మ కోసం ప్రార్థన సెయ్యవే ముందు. మన ఇల్లు కారింది గానీ, ఆవిడికి గుండె కారింది" అంది.

ఇది చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతో కలిసి తలవంచండి. తడిసే ఇళ్లలో ఊపిరాడక కూర్చున్న తల్లుల కోసం, చదివించుకోని కబురుకు భయపడి లోలోపల ఏడుస్తున్న తల్లుల కోసం మనం ప్రార్థిద్దాం. ప్రభువా, వాళ్ల తలల మీద నీ చేతిని కప్పుగా ఉంచు. ఆమేన్.