పుష్కరాల నాటి ఫ్లూ

రక్తపు గొట్టం మీది చీటీని డాక్టర్ లోవలక్ష్మి గారు ఎన్నడూ ఒంటరిగా చదవలేదు. ఒకరు పైకి చదవాలి, రెండవవారు దానిని తిరిగి పలకాలి, ఆ పిమ్మటనే గొట్టం పెట్టెలోనికి పోవాలి. తునిలో ఆమె తండ్రి జీడిపప్పు వర్తకుడు. కాటా దగ్గర బస్తాను తూచినవాడు తూకం చెప్పేవాడు, లెక్క చూసేవాడు తిరిగి అనేవాడు. మొదటి బస్తాను ఒకటి అనరాదు, లాభం అనవలెను. ఇరవై ఏళ్లుగా రాజమహేంద్రవరంలోని ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ బోధిస్తూ కూడ ఆమె మొదటి గొట్టాన్ని లాభం అనే పిలిచేవారు. విద్యార్థులు మొదట నవ్వేవారు, తరువాత తామూ అట్లే అనేవారు.

అటువంటి మనిషి పెట్టెలోనే చీటీలు తారుమారయ్యాయన్న మాట పుట్టింది.

ఆమె పరిశోధన ఫ్లూను గూర్చినది. మనిషికి బాల్యంలో మొట్టమొదట సోకిన ఫ్లూ, శరీరపు జ్ఞాపకంలో చెరగని ముద్ర వేస్తుంది. తరువాత వేరొక రకం ఫ్లూ వచ్చినప్పుడు ఆ జ్ఞాపక కణాలే ముందుగా మేల్కొని, తాము ఎరిగిన పాత పోలికలను వెదకుకొంటాయి. పోలిక ఉంటే మేలు కలుగుతుంది, లేకపోతే కొత్తదానికి తగిన జవాబు కొంత బలహీనపడవచ్చును. అందుచేత ఒకే టీకాకు వేర్వేరు తరాలవారు వేర్వేరుగా స్పందిస్తారేమో చూడాలని, భీమవరం వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ పనివారిని ఆమె ఎంచుకొన్నారు. టీకాకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి రక్తం తీసి, పుట్టిన సంవత్సరాన్ని బట్టి జట్లు కట్టారు.

పాత ఫ్లూ రకాలకు పరీక్షలు చేసే రిఫరెన్సు ప్రయోగశాల నుండి ఫలితాలు వచ్చిన ఉదయం, పీజీ విద్యార్థిని సాయిప్రసన్న ముఖం చిన్నబుచ్చుకొని వచ్చింది.

"మేడమ్, ముసలయ్య గారి శాంపిల్ చూశారాండి? ఆధార్‌లో డెబ్భైలో పుట్టారని ఉంది. రక్తంలోనేమో హెచ్2ఎన్2 యాంటీబాడీలు. అన్నింటికంటే అవే ఎక్కువ."

లోవలక్ష్మి గారు కళ్లజోడు సర్దుకొన్నారు. హెచ్2ఎన్2 అనే ఫ్లూ యాభై ఏడులో పుట్టి పదకొండేళ్లు లోకమంతా తిరిగింది. అరవై ఎనిమిదిలో హెచ్3ఎన్2 వచ్చి దానిని తోసివేసింది. మరల అది మనుషులలో కనబడలేదు. డెబ్భైలో పుట్టినవానికి అది సోకే దారే లేదు.

విభాగాధిపతి జగన్నాథరావు గారు కాగితం చూచి పెదవి విరిచారు.

"లోవలక్ష్మిగారూ, ఒక చీటీ మారిందంటే ఇంకెన్ని మారాయో ఎవరు చెప్పగలరండి? ఆ పెట్టె మొత్తం తీసేద్దాం."

"తీసేస్తే మళ్లీ రాదండి. వాళ్లందరికీ టీకా పడిపోయింది. టీకాకు ముందున్న రక్తం ఇంకెక్కడ తెస్తాం?"

"మరి ఆ యాంటీబాడీలు ఆకాశంలోంచి పడ్డాయా?"

"చీటీ అబద్ధం చెప్పకపోతే ఆధారే చెప్పుండాలండి. నేను అడిగొస్తాను, ఈలోగా పెట్టె కదపకండి."

చీటీ చదివినది తాను, తిరిగి పలికినది సాయిప్రసన్న. తన పద్ధతిని ఆమె ఎరుగును. అయినను పేర్ల వరుసను మరొకమారు చూచినప్పుడు ఒక సంగతి కంటికి తగిలింది. ముసలయ్యది జనవరి ఒకటి. అతని పక్కవానిదీ జనవరి ఒకటే. ఆ కింది నూకరత్నంది కూడ. ఇంతమంది తల్లులు ఒకే తేదీన నొప్పులు పడి ఉండరు గదా. అడిగినప్పుడు నోటికి వచ్చిన వయస్సును బట్టి సంవత్సరం వేసి, తేదీ తెలియక జనవరి ఒకటి పెట్టినవి ఇవి. ఆధార్‌ను నమ్మి జట్లు కట్టినది మాత్రం తానే. తప్పు గొట్టాలలో లేదు, తన విభజనలో ఉన్నది.

మరునాడు సాయిప్రసన్నను వెంటబెట్టుకొని ఆమె ఫ్యాక్టరీకి వెళ్లారు. రొయ్యల లారీలు వరుసగా నిలిచి ఉన్నాయి. ముసలయ్య ఇనుప కొక్కెంతో ఐసు దిమ్మను లాగి, మరలో తోసి, తలగుడ్డతో ముఖం తుడుచుకొంటూ వచ్చాడు.

"మళ్లీ సూదాండి, డాక్టరమ్మగారూ?"

"ముందు ఒక మాట, తర్వాత సూది. మీ అసలు వయసెంతండి?"

అతడు ఆఫీసు గది వైపు చూచి గొంతు తగ్గించాడు. "కార్డులో ఉన్నదేనండి."

పక్కన బుట్టలు సర్దుతున్న నూకరత్నం కిసుక్కున నవ్వింది. "కార్డు ప్రకారం మా బావ నాకంటే చిన్నోడండి. నా పెళ్లిలో పందిరి వేసింది మాత్రం ఈయనే."

"నువ్వూరుకోవే."

"ముసలయ్యగారూ, నా లెక్కలో మీ పేరుండదు, అంకె ఉంటుంది. ఓనరుగారికి ఒక్క ముక్క కూడా పోదు," అన్నారు లోవలక్ష్మి గారు. "చెప్పకపోతే మాత్రం మీ అందరి రక్తమూ పారబోయాల్సిందే."

అతడు కొక్కెం గోడకు చేర్చాడు. "నలభై అయిదు దాటినోడు దిమ్మలు ఎత్తలేడని ఇక్కడ తీసుకోరండి. అందుకని కార్డు రాయించినప్పుడు తగ్గించి చెప్పాను. అప్పటికే దాటిపోయిందండి."

"ఎంత తగ్గించారు?"

"అది నాకూ తెలీదండి."

"పోనీ, పుష్కరాలు ఏవేవి గుర్తున్నాయి?"

ఈ ప్రశ్నకు అతడు తడుముకోలేదు. "అయిదు చూశానండి. మొదటివాటికి మా నాన్న నన్ను మెడమీద ఎక్కించుకుని కోటిలింగాల రేవుకి తీసుకెళ్లాడు. జనంలో ఆయన తలపాగా గట్టిగా పట్టుకున్నాను, ఊడిపోతే తిట్టాడు కూడానండి. చెల్లి అప్పటికి పుట్టలేదు. తర్వాతి పుష్కరాలకి నేను తాపీపని చేస్తున్నాను."

లోవలక్ష్మి గారు వేళ్లు మడిచి వెనుకకు లెక్కించారు. రెండువేల పదిహేను, రెండువేల మూడు, తొంభై ఒకటి, డెబ్భై తొమ్మిది, అరవై ఏడు. అరవై ఏడులో తిట్టు గుర్తుండేటంత పిల్లవాడు. మరు సంవత్సరం గాని కొత్త ఫ్లూ దేశంలోనికి రాలేదు. పాతది ఉన్న రోజులలోనే ఇతడు నాలుగేళ్లవాడై తిరిగాడు.

"అయితే నా రక్తంలో నా వయసు రాసుందాండి?" అన్నాడు ముసలయ్య. "ఆ కాయితం చూపిస్తే పింఛను ఇస్తారాండి?"

"ఇవ్వరండి. రక్తం తేదీ చెప్పదు. ఆ పాత ఫ్లూ ఉన్న రోజుల్లో మీరున్నారని మాత్రమే చెబుతుంది. చేయి ఇవ్వండి."

"పాతది ఒంట్లో ఉంటే కొత్తది రాదుగదండి?"

"కొన్నింటికి కాస్త కాపుదల ఉండొచ్చు, అన్నింటికీ కాదు. ఇప్పుడు తిరిగేవాటిలో ఒకటి మీ పాతదానికి దగ్గర చుట్టం, ఇంకొకటి చాలా దూరం. అందుకే ఏటా టీకా మానకండి."

గొట్టం నిండింది. సాయిప్రసన్న చీటీ చదివింది, లోవలక్ష్మి గారు తిరిగి పలికారు, ఈమారు ముసలయ్య కూడ తనంతట తానే మూడవసారి పలికాడు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. కొత్త రక్తంలోనూ అదే పాత యాంటీబాడీ, అదే ఎత్తున ఉన్నది. జగన్నాథరావు గారు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూచారు.

"పెట్టె ఉంచండి," అన్నారు. "అయితే మీ జట్లు మాత్రం నిలవవు. జనవరి ఒకటోవాళ్లందర్నీ అడగాలి."

"అడుగుతానండి. పుష్కరాలతో మొదలుపెట్టి."

మరుసటి ఆదివారం ఫ్యాక్టరీ చావడిలో పనివారు వరుసగా కూర్చున్నారు. ముసలయ్య ఇదివరకే అందరికీ నచ్చజెప్పి ఉంచాడు. లోవలక్ష్మి గారు కుర్చీ దగ్గరకు లాగుకొని మొదటివానిని పిలిచారు.

"లాభం. చెప్పండి బాబూ, మీకు గుర్తున్న మొదటి పుష్కరాలు ఏవి?"