పేరు మూసి చదివితే

బంగారుపాళ్యంలో ఎక్కిన బస్సు చిత్తూరు చేరకముందే కోమలి ఫోనులో ఆ ఫైలు తెరిచింది. కెనడా యూనివర్సిటీకి ముందురోజే పంపేసిన ఎస్‌ఓపీ అది. ఏం చదవాలనుకుంటున్నానో, ఎందుకనుకుంటున్నానో చెప్పుకునే రెండు పేజీల వ్యాసం. చివరి పేరా దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అక్కడ ఐర్లాండ్ యూనివర్సిటీ పేరుంది.

ఫైలు మూసి మళ్లీ తెరిచింది. పేరు మారలేదు.

కోమలి ఊళ్లోనే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తోంది. తోతాపురి గుజ్జు తీపి, పులుపు, రంగు చూసి రాయడం ఆమె పని. గోడౌనులో నెలల తరబడి నిలవున్న గుజ్జు రంగు ఎందుకు నల్లబడుతుందన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. ఆ ప్రశ్నతోనే పైచదువుకు కెనడా, ఐర్లాండ్, నెదర్లాండ్స్‌లలో మూడు యూనివర్సిటీలు ఎంచుకుంది. ఒక ఎస్‌ఓపీ రాసి, పేరు మాత్రం మారుస్తూ మూడు కాపీలు చేసుకుంది. పొద్దున బయల్దేరేటప్పుడు వాళ్ల నాయన మునెయ్య, "అన్నం తినకుండా యాడికి పోతా ఉండావు?" అంటే, "అమలక్క దగ్గరికి, నాయనా. రాసింది ఒకసారి సూపించుకుని వస్తా" అని మాత్రం చెప్పింది.

అమల తిరుపతి కాలేజీలో ఆమెకు సీనియర్, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది. స్టాఫ్‌రూములో కూర్చోకముందే కోమలి జరిగింది చెప్పేసింది.

"అక్కా, ఇంక అంతేనా? పోయినట్టేనా?"

"ముందు కూసో. తక్కిన రెండూ పంపినావా?"

"లేదు. ఈ వారమే ఆఖరు."

అమల ఆ రెండూ తెరిచి, యూనివర్సిటీ పేరున్న చోట వేలు అడ్డం పెట్టి చదివింది. 'మీ ప్రపంచస్థాయి అధ్యాపకులు, అధునాతన ప్రయోగశాలలు నన్ను ఆకర్షించాయి.'

"సూడు. పేరు మూసేస్తే ఇది ఎవురికి రాసినావో నాకే తెలీలేదు. పేరు తప్పు పడింది ఒకటే కాదు కోమలీ, ఈ పేరా ఎవురికైనా అతుక్కుంటుంది. అదీ అసలు తప్పు."

కోమలికి కోపమొచ్చింది. రాత్రింబవళ్లు కూర్చుని రాసిన వాక్యాలవి. లేచి కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చుంది. "అయితే మూడూ మొదట్నుంచి రాయాల్నా?"

"వద్దు. గుజ్జు రంగు సంగతి, నువ్వు ల్యాబులో చేసిన పని, అది నీ కథ. అది యాడికి పంపినా మారదు. కానీ వాళ్లు ఏమడిగినారో సూసినావా?"

కోమలి సరిగ్గా చూడలేదు. ఇద్దరూ ఆ యూనివర్సిటీల వెబ్‌సైట్లు తెరిచి చూశారు. నెదర్లాండ్స్‌వాళ్లు తమ కోర్సుల్లో ఏవి కావాలి, దేనికి అని అడిగారు, పైగా సగం నిడివిలో చెప్పమన్నారు. ఐర్లాండ్‌వాళ్లు చదువయ్యాక ఏం చేస్తావని అడిగారు. ఆమె ఎవరి దగ్గర పనిచేయాలనుకుంటున్నానని రాసిందో ఆ ప్రొఫెసర్ అక్కడి నుంచి వేరే చోటికి వెళ్లిపోయాడని అప్పుడే తెలిసింది. పాత వెబ్‌పేజీలోంచి తీసిన పేరది.

నెదర్లాండ్స్ కాపీలో కోమలి ఫ్యాక్టరీ వర్ణనంతా కొట్టేసింది. నిలవ ఉంచే పద్ధతుల మీద వాళ్ల కోర్సు సిలబస్ చదివి, తన ప్రశ్నకు అది ఎక్కడ ఉపయోగపడుతుందో రాసింది. ఐర్లాండ్ యూనివర్సిటీకి ప్రయోగాలు చేసి చూసే చిన్న ఫ్యాక్టరీలాంటి పైలట్ ప్లాంటు ఉంది. ఎక్కువ వేడి తక్కువసేపు ఇస్తే రంగు నిలుస్తుందేమో అక్కడ చూస్తాను, తిరిగొచ్చి మా చిన్న ఫ్యాక్టరీలకు పనికొచ్చేలా చేస్తాను అని రాసింది. అమల గట్టిగా చదవమంది. చదువుతుంటే కొత్త పేరా పాతదాని పక్కన అతుకులా వినిపించింది. పైనున్న పేరాలో ఒక మాట కదిపితే గానీ కలవలేదు. యూనివర్సిటీ పేరు ఎక్కడెక్కడుందో వెతికి, ఫైలు పేరుతో సహా సరిచూశారు.

కెనడాకి నాలుగు వాక్యాల మెయిలు పెట్టింది, పొరపాటు ఒప్పుకుని, సరైన కాపీ జతచేసి. సమర్పించాక మార్చడం కుదరదని రెండో రోజే జవాబొచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె సరిగ్గా నిద్రపోలేదు. పని మధ్యలో మెయిలు చూడటం, ఏమీ లేకపోతే విసుక్కోవడం. ఏమైందని మునెయ్య అడగడమే మానేశాడు.

ఐర్లాండ్‌వాళ్లు ఆన్‌లైన్లో మాట్లాడతామన్నారు. "మా ప్లాంటులో మొదట ఏం పరీక్షిస్తావు?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. కోమలికి జవాబు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వేడి ఎంత, ఎంతసేపు, ఏ గుజ్జుతో మొదలుపెడతానో వరసగా చెప్పుకుపోయింది.

సీటు వాళ్లే ఇచ్చారు. నెదర్లాండ్స్ వెయిటింగ్ లిస్టులో పెట్టింది. కెనడా కాదంది, కారణం చెప్పలేదు. ఆ తప్పు పేరు వల్లేనా అని ఆమె అమలను చాలాసార్లు అడిగింది.

"ఎట్ల తెలుస్తాది? వాళ్లు సెప్పరు" అంది అమల.

ఇప్పటికీ కోమలికి తెలియదు.