నీళ్లు పోసే చెయ్యి

ఉగాది దాటిన మొదటి సోమవారం, పొద్దున ఏడుంబావుకు, బేతంచెర్లలో మేం పనిచేసే బండల పాలిష్ ఫ్యాక్టరీకి కొత్త మిషన్ వచ్చింది. లారీ వెనక్కి తిరుగుతూ గేటు స్తంభానికి తగిలింది. పెచ్చు ఊడిన ఆ చోటు ఇప్పటికీ అట్లాగే ఉంది.

అప్పటిదాకా పదిమంది మగవాళ్లు చేతిమిషన్లు పట్టుకుని, వాటి కింద తిరిగే రాయిని బండమీద నడిపేవాళ్లు. పక్కన పదిమంది ఆడవాళ్లం చెంబులతో నీళ్లు పోసేవాళ్లం. తడి ఆరితే రాపిడికి బండ కాలి మచ్చ పడుతుంది. అందుకని వాళ్ల చెయ్యి ఎటు పోతే మా చెంబు అటు వంగేది. పాలలాంటి బండనీళ్లు పాదాల మీదుగా పారుతుంటే మధ్యాహ్నానికి నేలా ఆకాశమూ ఒకటే రంగు. మేం మబ్బులో నిలబడి ఎవరికో తలంటుతున్నట్టు ఉండేది.

కొత్త మిషన్‌లో బండ బెల్టు మీద పడుకుని తనంతట తానే పోతుంది. వరసగా ఉన్న రాళ్లు ముందు గరుకుగా, తర్వాత నున్నగా రుద్దుతాయి. నీళ్లు పైపుల్లో వస్తాయి. చివర గాలికి ఆరిన బండకు మైనం పూసి తుడవడానికి ఒక్క మనిషి చాలు.

ఆ ఒక్క పనీ నాతోపాటు నీళ్లు పోసిన మా తోడికోడలికి ఇచ్చి చూస్తానన్నాడు యజమాని. ఆమెను నేను అక్కా అంటాను. ఆమె మొగుడు, మా బావ నడిపే చేతిమిషన్ ఆ వారమే పాతసామానుకు పోయింది. వాళ్ల ఇంటికి ఇక ఆ పనే ఆధారం.

అక్క అలవాటుగా తన చెంబు తెచ్చుకుంది. మొదటి బండ అద్దంలా, నిద్రలో నడిచినట్టు నెమ్మదిగా బయటికొచ్చింది. అక్క దాన్నే చూస్తూ చెంబు వంచేసింది. రెండో దానికీ, మూడో దానికీ అంతే. తడిసిన చోట మైనం తెల్లగా పొరలుకట్టింది.

యజమాని మిషన్ ఆపించాడు. ఎందుకు పోశావని మెల్లగానే అడిగాడు.

"నేను పోయలేదప్పా. చెయ్యి పోసేసింది."

"అయితే రేపు చెయ్యి ఇంట్లో పెట్టి రామ్మా," అన్నాడొకడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ పని పక్కవీధి అమ్మాయికి ఇచ్చారు. అక్క ఉల్లిచేలకు పోయింది.

రెండేళ్లకు అదే ఆవరణలో ఇంకో రేకుల షెడ్డు లేచింది. విరిగిన బండలను చిన్న చదరాలుగా కోసి, వలగుడ్డ మీద గమ్ముతో అతికించాలి. బెంగళూరు ఇళ్ల గోడలకు పోతాయవి. ఆరుగురు ఆడవాళ్లు కావాలన్నారు. నేను చేరాను. అక్కా వచ్చింది గానీ చదరాల మధ్య సందు ఆమె కళ్లకు ఆనలేదు.

"నాకంతా ఒకటే బండ మాదిరి ఉండాది లే," అని లేచిపోయింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా వసారాలో పడుకుంటుంది. నిద్రలో ఆమె మణికట్టు ఉండుండి వంగుతుంది.

పోయిన పనులు ఇరవై. మిషన్ నడిపేవాళ్లు ఇద్దరు, చదరాలు కోసేవాడొకడు, మైనం పూసే అమ్మాయి, గమ్ము పెట్టే ఆరుగురం కలిపి వచ్చినవి పది. ఆ పదిమందిలో పాతవాళ్లం నలుగురం. తిరిగి రానివాళ్లు పదహారుమంది. అందులో అక్క ఒకతె.