ఆరిపోయిన పట్టీ

నేను రిటైరవడానికి ముందు ఏడాది ఎండాకాలంలో ఒక ప్రచురణ సంస్థ నవలల విభాగంలో సీనియర్ సంపాదకుణ్ణి. రాతప్రతి చదివి సిఫారసు చేయడం నా పని, తుది మాట ఎంపిక సంఘానిది. సంఘం కూర్చోవడానికి వారం ముందు షాహీన్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల నా బల్ల మీదికి వచ్చింది. ఆమెది మామిడిపల్లి, విమానాశ్రయంలో ఉద్యోగం. అప్పటికే రెండు సంస్థలు కాదన్నాయి. మీరూ కాదంటే ఇక రాయనని ఫోన్‌లోనే తేల్చి చెప్పింది.

నీళ్లకు రేషన్ వచ్చిన రేపటి నగరం కథ అది. ప్రతి మనిషి మణికట్టుకూ ఒక పట్టీ, అది వెలిగితేనే నీళ్ల గేటు తెరుచుకుంటుంది. నస్రీన్ అనే అమ్మాయి తన పట్టీ విప్పి, పట్టీ పోయిన చెల్లెలికి కడుతుంది. కథ మంచిదే. మొదటి అధ్యాయం మాత్రం నీళ్లు పంచే జలమండలి పుట్టుక, పట్టీ పనిచేసే తీరు, పాత యుద్ధాలు. నస్రీన్ నోరు విప్పేసరికి నాకు ఆవలింతలు.

చదువుతూ, ఆ క్షణాన పాఠకుడికి పుట్టే ప్రశ్నను మార్జిన్‌లో రాయడం నా అలవాటు. ప్రశ్న పుట్టకముందే జవాబు వస్తే అది తొందరపడ్డ వివరణ. ఆ అధ్యాయం పొడవునా నా మార్జిన్ ఖాళీ.

శంషాబాద్‌లో ఒక చాయ్ హోటల్లో షాహీన్‌కు అదే చూపించి, ఆ వివరణ తీసేయమన్నాను. "గిట్ల తీసేస్తే చదివేటోళ్లకు ఏం సమజైతది సార్? పరేషాన్ అయితరు," అంది. కొంచెం పరేషానైతేనే పేజీ తిప్పుతారన్నాను. చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

కోపంతో సవరించిన రాతప్రతి రెండు రోజుల్లోనే వచ్చింది. వివరణ ఒక్క ముక్క కూడా లేదు. కథ పరుగెత్తింది కానీ, నస్రీన్ పట్టీ విప్పినప్పుడు నాలో ఏ కదలికా లేదు. మార్జిన్‌లో "విప్పితే ఏమవుతుంది?" అని రాసుకున్నాను. జవాబు తర్వాతి అధ్యాయంలో ఉంది. అప్పటికి ఆమె త్యాగం చేసేసింది, నాకు భయపడే అవకాశమే దక్కలేదు. వెంటనే షాహీన్‌కు ఫోన్ చేశాను.

"అన్నీ తీయమన్నది మీరే కద సార్! ఇగ మళ్ల పెట్టమంటరేంది?"

ఆమె కోపంలో న్యాయం ఉంది. నగరం చరిత్ర వద్దు, పట్టీ పోతే జరిగేది కావాలి, అదీ ఎవరూ వివరించకుండా జరిగిపోవాలి అన్నాను. "జర టైం ఇయ్యుండ్రి," అని పెట్టేసింది.

సంఘం కూర్చునే రోజు పొద్దున పేజీలు వచ్చాయి. మొదటి పేజీలోనే నీళ్ల వరుసలో ఒక ముసలాయన పట్టీ ఆరిపోతుంది. గేటు తెరుచుకోదు. ఎవరూ ఆయన వైపు చూడరు, వరుస పక్కకు జరిగి ముందుకు సాగుతుంది. నస్రీన్ తన మణికట్టును అరచేత్తో కప్పుకుంటుంది. పట్టీ పనిచేసే తీరును షాహీన్, కథలో పట్టీని బాగుచేయించే ఘట్టానికి జరిపింది. పాత యుద్ధాలకు అర వాక్యం మిగిలింది.

జలమండలి ఎలా పుట్టిందో ఎక్కడా లేదేమని సంఘంలో ఒకాయన అడిగాడు. చదువుతున్నప్పుడు ఆ సందేహం వచ్చిందా అన్నాను. లేదట, ఆ పిల్ల పట్టీ విప్పుతుంటే వద్దని అరవాలనిపించిందట. నవల తీసుకున్నారు.

అప్పటినుంచి వివరణను నేను పేజీలతో కొలవలేదు. ఒక లోకం ఎలా ఏర్పడిందన్నది పాఠకుడు అడిగేదాకా ఆగవచ్చు. అక్కడ మనిషి ఏం పోగొట్టుకోగలడో మాత్రం, పోగొట్టుకునే లోపే తెలియాలి.