మదనీ నుంచి వచ్చిన సంచులు

కైరో పక్కనున్న గీజాలో, ఫైసల్ రోడ్డు పక్క సందులో అలవియా కొట్టు పెట్టిన మొదటి రెండు నెలలూ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. సూడాన్‌లో యుద్ధం మొదలవగానే వద్ మదనీ నుంచి బస్సెక్కి కైరో చేరిన మనిషి. అక్కడ ఇరవై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. బేరం మాత్రం ఎన్నడూ చేసి ఎరగదు. చేతిలో ఉన్న బంగారం అమ్మి, అందరి కొట్లలాగే బియ్యం, నూనె, పంచదార నింపింది. ఎదుటి కొట్టు ఫత్హీ ఒకనాడు టీ తాగుతూ చెప్పేశాడు.

"నేను లారీ లెక్కన కొంటాను, నువ్వు మూట లెక్కన కొంటావు. పంచదారలో నాతో ఏం పోటీ పడతావమ్మా? నా దగ్గర దొరకనిది పెట్టుకో."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది, కానీ బుర్రకెక్కింది. బియ్యం తీసేసింది. ఆ చోట జొన్నపిండి, వేరుశెనగ ముద్ద, నువ్వుల నూనె, ఎండుమాంసం, అన్నిటికంటే ముందుగా వేకా, అంటే బెండ వరుగుల పొడి వచ్చి చేరాయి. ఆ పొడి పడకపోతే సూడాన్ వాళ్ళ ఇంట్లో పులుసు జిగురెక్కదు, జొన్న అట్టు గొంతు దిగదు. కిలో కొనే స్తోమత ఎవరికీ లేదని గ్రహించి, ఒక్క కుండకు సరిపడా చిన్న పొట్లాలు కట్టింది. రోజూ కావలసిన జొన్నపిండి మీద దాదాపు లాభం లేకుండా అమ్మి, పెళ్ళిళ్ళకు కొనే ధూపపు చెక్కల మీద రాబట్టుకుంది. కొట్టు నిలబడింది.

డిసెంబరులో మదనీ తిరుగుబాటు సేనల చేతిలో పడింది. ఆయుధాలు పట్టినవాళ్ళు ఊళ్ళోకి వచ్చారని తెలిసిన రోజు నుంచి తమ్ముడు బాబికర్ ఫోను మోగలేదు. అతనికి ఊరి చివర పిండిమిల్లు ఉంది. ఆమె అమ్మే వేకా దంచి సంచులకెత్తేదీ అక్కడే. సరుకు రావడం ఆగింది, ధర రెట్టింపయింది. తుమాదిర్ అనే పొరుగావిడ వచ్చి, పొట్లం చేత్తో తూచి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయేది.

రంజాన్ దగ్గరపడింది. సూడాన్ సరిహద్దు వైపున్న అస్వాన్ నుంచి సరుకు పంపే ఇద్రీస్ ఫోను చేశాడు. ఆరు సంచుల వేకా ఉంది, పాత ధరలో సగానికే ఇస్తానన్నాడు. ఇంత చవగ్గా ఎలా వచ్చిందని ఆమె అడగలేదు. అడగకూడదని ఎక్కడో తోచింది కూడా. ఆ రాత్రే డబ్బు పంపింది.

సంచులు మూడోనాడు దిగాయి. పై సంచి బోర్లించి ఉంది. కుట్టు విప్పుదామని తిప్పితే నీలిరంగు అచ్చు కనిపించింది: బాబికర్ మిల్లు, వద్ మదనీ. కింద తమ్ముడి ఫోన్ నంబరు. ఆరింటి మీదా అదే. ఒకదాని అంచున ఎండిపోయిన గోధుమరంగు మరక ఉంది. అది టీ మరకో, మరేదో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవడం ఇష్టం లేక చెయ్యి తీసేసింది.

ఇద్రీస్‌కు ఫోను చేసింది.

"ఇది మా తమ్ముడి సరుకు. ఎవడు అమ్మాడు నీకు?"

"నాలుగు చేతులు మారి వచ్చిందక్కా. మొదటి చెయ్యి ఎవరిదో నేనడగను. నువ్వూ అడగలేదుగా."

ఆమె ఫోను పెట్టేసింది.

రెండు రోజులు షట్టర్ దించి కూర్చుంది. వెనక్కి పంపితే ఇంకో కొట్టువాడు కొంటాడు. పారేస్తే తమ్ముడి కష్టం మట్టిపాలు. మూడో ఉదయం తుమాదిర్ షట్టర్ తట్టింది. వెనక పదిమంది ఆడవాళ్ళు. అలవియా సంచులు వాకిట్లోకి లాగి, అచ్చు అందరికీ కనపడేలా నిలబెట్టి, సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. లాభం వేసుకోను, కొన్న ధరే, ఇష్టమైతే తీసుకోండి అంది.

నలుగురు వెళ్ళిపోయారు. తుమాదిర్ వంగి ఆ నంబరు చదివింది.

"మా పిల్లలు నెలల తరబడి ఆ వాసన అడుగుతున్నారు," అంది. "దొంగసొమ్మని తెలిసి కూడా కొంటున్నాను. దేవుడు నన్ను అడిగితే ఆకలి అని చెబుతాను. నువ్వేం చెబుతావు, అలవియా?"

అలవియా తూచి ఇచ్చింది. రంజాన్ మొదటి వారంలోనే సంచులన్నీ ఖాళీ అయ్యాయి.

తమ్ముడి కబురు పండగయ్యాక వచ్చింది. మదనీ నుంచి నడిచి, బస్సులు మారి చేరిన ఒక పాత విద్యార్థి చెప్పాడు: మిల్లు తాళాలు ఇవ్వనన్నందుకు గుమ్మంలోనే కాల్చారట. పక్కింటివాళ్ళు పెరట్లోనే పాతిపెట్టారట.

ఆ తర్వాత ఆమె ఇద్రీస్ దగ్గర ఏమీ కొనలేదు. పల్లె రైతుల దగ్గర ఈజిప్టు బెండకాయ కొని, మేడమీద ఎండబెట్టి, తనే దంచి, పొట్లం మీద 'ఇక్కడి బెండ' అని రాసి, సూడాన్ పొడి ధరలో సగానికి పెట్టింది. దాని జిగురు వేరు, వాసన వేరు. సగంమంది మానేశారు. అద్దె తట్టుకోలేక కొట్టులో సగభాగం మొబైల్ రిపేరువాడికి వదిలేసింది. మిగిలిన సగంలో కూర్చుని, వచ్చినవాళ్ళకు తూచి ఇస్తోంది.